రాయని గంటలు నిద్రపోయిన గంటలు కావు

మా చెల్లెలు పురుడు పోసుకుని తెనాలిలో అమ్మ దగ్గర ఉంది. పాపకు అయిదు వారాలు దాటాయి. ఆరో వారం టీకాలకు శుక్రవారం వెళ్లాలి. దానికి నాలుగు రోజుల ముందు, సోమవారం రాత్రి పదకొండింటికి, హైదరాబాదులో ఉన్న నాకు వాట్సాప్‌లో తొమ్మిది ఫొటోలు వచ్చాయి. ఉయ్యాల గొలుసుకు దారంతో కట్టి వేలాడదీసిన రూళ్ల నోటుబుక్కు పేజీలవి. పాప ఎన్నింటికి పాలు తాగింది, ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది అని వారం రోజులుగా రాసుకున్నారు. వాటి కింద ఒక వాయిస్ మెసేజ్.

"అక్కా, సాయంత్రం అయితే చాలు, పాప నన్ను వదలట్లేదు. నీకు పాలు చాలట్లేదు, డబ్బా పాలు మొదలుపెట్టు అని ఇంటికొచ్చిన వాళ్లందరూ అంటున్నారు. అమ్మ కూడా దిష్టి తీసి తీసి ఇప్పుడు అదే మాట అంటోంది. మేడమ్‌గారికి ఇన్ని పేజీలు చూపిస్తే ఆవిడ చదువుతారా? నువ్వు ఒక్క కాగితంలోకి తెచ్చిపెట్టవా?"

చదవరు. చదవలేరు కూడా. బయట ఇరవై మంది పిల్లలు టోకెన్లు పట్టుకుని కూర్చుని ఉంటారు. అందుకే నోటుబుక్కును ఒక్క చీటీగా కుదించాలన్న మా చెల్లెలి ఆలోచన సరైనదే. కానీ ఆ కుదించే పనిలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయని, అవి పైకి తప్పుల్లా కూడా కనిపించవని నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. నోటుబుక్కులో ఉన్న సందేహాలు, ఖాళీలు, గజిబిజి అన్నీ చీటీలోకి కూడా రావాలి. వాటిని తుడిచేసి శుభ్రంగా రాసిచ్చామంటే, డాక్టరు మన పాపను కాకుండా మనం ఊహించుకున్న పాపను చూస్తారు.

ఈ మాట నాకు ఊరికే తట్టలేదు. తొమ్మిదేళ్ల కిందట మా అబ్బాయికి నెల దాటిన రోజుల్లో నేను ఒక డాక్టరు ముందు కూర్చుని, "రోజంతా తాగుతూనే ఉంటాడండీ, అసలు నిద్రే పోడు" అన్నాను. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క వాక్యమే. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పాలపొడి డబ్బా ఉంది. రెండు నెలలు తిరక్కుండానే నా పాలు బాగా తగ్గిపోయాయి. రొమ్ములో పాలు ఎంత ఖాళీ అయితే ఒళ్లు అంత తయారు చేస్తుంది. ఒక పూట డబ్బా పాలు పట్టి, ఆ పూట పాలు తియ్యకుండా వదిలేస్తే ఒళ్లు ఆ పూటకు తయారీ తగ్గించేస్తుంది. ఇది అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. ఆ సాయంత్రాలు ఎలా గడిచాయో రాసిపెట్టుకుని ఉంటే ఏం జరిగేదో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అందుకే మా చెల్లెలి ఫొటోలు చూడగానే నిద్ర పట్టలేదు, లేచి కూర్చున్నాను.

మొదట ఫొటోలను వరసలో పెట్టుకోవాలి. పంపేటప్పుడు ఏది ముందు నొక్కితే అది ముందు వస్తుంది కాబట్టి వచ్చిన వరస పేజీల వరస కాదు. రెండు పేజీల మీద తేదీ లేదు. ఒక పేజీ చివర "పడుకుంది" అని ఉంటే, తర్వాతి పేజీ "లేచింది" అని మొదలవ్వాలి కదా, అలా జత కలుపుకుంటూ వెళ్లాను. ఒక ఫొటోలో ఫోను నీడ పడి కుడివైపు అంచు కనిపించలేదు. దాన్ని ఊహించి రాయకుండా మళ్లీ తీసి పంపమన్నాను.

తర్వాత అంకెలు. మా అమ్మ రాసే ఒకటి మీద చిన్న కొక్కెం ఉంటుంది, ఏడులా కనిపిస్తుంది. శుక్రవారం పేజీలో అది 1.10 కావచ్చు, 7.10 కావచ్చు. దాని పైన 10.50, కింద 3.20 ఉన్నాయి కాబట్టి 1.10 అని ధైర్యంగా రాసుకున్నాను. కానీ శనివారం రాత్రి ఒక అంకె తడిసి అలుక్కుపోయింది. 2.30 అయినా కావచ్చు, 3.30 అయినా కావచ్చు. దాని ముందు 11.50, తర్వాత 5.45 ఉన్నాయి. రెండూ వరసలో సరిపోతాయి. చెల్లెల్ని అడిగితే గుర్తులేదంది. అలాంటప్పుడు రెండింటిలో మనకు నచ్చినది ఎంచుకోకూడదు. "2.30 లేదా 3.30" అనే రాసుకున్నాను. నేను పనిచేసేది అకౌంట్స్‌లో. బిల్లు మీద అంకె చెరిగిపోతే మనసుకు తోచిన అంకె వేసి పుస్తకం మూసెయ్యము. పాప విషయంలో అంతకంటే తక్కువ జాగ్రత్త ఎందుకుండాలి?

అసలు చిక్కు తేదీల దగ్గర వచ్చింది. ముందు మామూలుగా ఒక్కో తేదీ కింద ఎన్నిసార్లు పాలు పట్టారో లెక్కపెట్టాను. మంగళవారం 8 సార్లు, బుధవారం 13 సార్లు వచ్చింది. ఒక్క రోజులో అంత తేడానా అని కంగారు పడ్డాను. పేజీలు మళ్లీ చూస్తే చేతిరాతలో విషయం దొరికింది. మా చెల్లెలు రాత్రి పన్నెండు దాటగానే కొత్త తేదీ వేస్తుంది. మా అమ్మకు తెల్లవారితేనే తేదీ మారుతుంది. పంచాంగం చూసే ఇంట్లో పుట్టిన మనిషి, వారం అంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకానే ఆమెకు. సోమవారం రాత్రి నోటుబుక్కు అమ్మ చేతిలో ఉంది, అర్ధరాత్రి పాలు సోమవారం కిందే పడ్డాయి. మంగళవారం రాత్రి చెల్లెలు రాసింది, అవి బుధవారం కిందికి వెళ్లాయి. బుధవారం రాత్రి మళ్లీ అమ్మ రాసింది, అవీ బుధవారం కిందే ఉండిపోయాయి. మంగళవారానికి ఒక్క రాత్రీ లేదు, బుధవారానికి రెండు రాత్రులు వచ్చాయి.

మా అమ్మ లెక్కే ఈ పనికి బాగుంటుందని నాకు అప్పుడు అనిపించింది. రోజును ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా తీసుకుంటే రాత్రి మధ్యకు తెగదు. అలా సర్దితే మంగళవారం 10, బుధవారం 11 అయ్యాయి. కంగారు పడాల్సిన తేడా అక్కడ లేనే లేదు.

ఇంకో తేడా కూడా చేతిరాతను బట్టే బయటపడింది. పాప మధ్యలో ఆపితే భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమిరి మళ్లీ పడతారు. చెల్లెలు దాన్ని ఒక్కసారిగా రాస్తుంది. అమ్మ 7.20, 7.45 అని రెండుగా రాస్తుంది. ఎవరిదీ తప్పు కాదు. కానీ లెక్కలో రెండు పద్ధతులు కలిస్తే అమ్మ రాసిన రోజుల్లో పాప ఎక్కువసార్లు తాగినట్టు కనిపిస్తుంది. మొదలైన సమయం నుంచి అరగంట లోపు మళ్లీ పట్టుకుంటే ఒకే సారిగా లెక్కపెడదామని నేనొక నియమం పెట్టుకున్నాను. ఆ నియమాన్ని చీటీ మీద కూడా రాశాను. ఎందుకంటే అది నా నిర్ణయం, పాప చేసిన పని కాదు. డాక్టరుకు ఆ తేడా తెలియాలి.

ఇక గురువారం రాత్రి. ఇది చెప్పడానికే ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాను. రాత్రి 10.40కి అమ్మ చేతిరాతలో పాలు తాగినట్టు ఉంది. ఆ తర్వాత రాసిన సమయం ఉదయం 5.10, చెల్లెలి చేతిరాతలో. మధ్యలో ఏమీ లేదు. నోటుబుక్కును నమ్మితే అయిదు వారాల పాప ఆరున్నర గంటలు పాలు లేకుండా ఉంది. చీటీలో "రాత్రి గరిష్ఠంగా ఆరున్నర గంటలు నిద్రపోయింది" అని రాస్తే చాలా సంతోషకరమైన వార్తలా ఉంటుంది, లేదా చాలా భయపెట్టే వార్తలా ఉంటుంది, చదివేవాళ్లను బట్టి. చెల్లెలికి ఫోన్ చేశాను. "లేదక్కా, రెండుసార్లు లేచింది, తాగింది. పెన్ను మంచం కిందికి దొర్లిపోయింది, లైటు వేస్తే లేస్తుందని వెతకలేదు. టైము గుర్తులేదు" అంది. అంతే సంగతి. నోటుబుక్కులో ఖాళీ ఉందంటే పాప నిద్రపోయిందని కాదు, రాసేవాళ్లు అలసిపోయారని. బాలింత ఇంట్లో ఎక్కువ ఖాళీలు రాత్రి రెండు మూడింటి దగ్గరే ఉంటాయి, సరిగ్గా మనం పెద్ద నిద్ర కోసం వెతికే చోటే. అందుకని ఆ రాత్రిని రాత్రి ఎడాల లెక్కలోంచి తీసేసి, "గురువారం రాత్రి రాయలేదు" అని చీటీలో పెట్టాను.

నిద్ర గడుల పరిస్థితి ఇంకా బలహీనంగా ఉంది. "పడుకుంది" అంటే ఉయ్యాలలో వేసిన సమయమే రాశారు. తాగుతూ తాగుతూ ఒడిలో కునికిన ఇరవై నిమిషాలు, తాతయ్య భుజం మీద నిద్రపోయిన గంట ఎక్కడా లేవు. కూడితే రోజుకు పదకొండున్నర నుంచి పదమూడు గంటలు వచ్చింది. మూడు నెలల లోపు పిల్లలు రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతారని చెల్లెలు ఎక్కడో చదివింది, ఇక దానికి టెన్షన్ మొదలైంది. ఆ అంకె మామూలుగా చెప్పేదే. కానీ మన కూడిక పాప నిద్ర మొత్తం కాదు, ఉయ్యాల నిద్ర మాత్రమే. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇప్పుడు అందరూ అడిగే సాయంత్రం గొడవ. బుధవారం పేజీ స్పష్టంగా ఉంది కాబట్టి దాన్నే తీసుకున్నాను. పాలు మొదలైన సమయాలు ఇవి: ఉదయం 6.20, 8.30, 10.45, మధ్యాహ్నం 1.00, 3.30, సాయంత్రం 5.30, 6.30, 7.20, 8.30, అర్ధరాత్రి 12.40, 3.45. మొత్తం 11 సార్లు. ఎడం అంటే ఒకసారి మొదలుపెట్టిన దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టే దాకా, తాగడం పూర్తయిన దగ్గర్నుంచి కాదు. ఇది కూడా ఇంట్లో ముగ్గురూ మూడు రకాలుగా అనుకుంటున్నారు.

వీటికి సగటు తీస్తే సుమారు రెండు గంటల పది నిమిషాలకు ఒకసారి అని వస్తుంది. ఆ అంకె నిజమే, కానీ దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. మా చెల్లెల్ని ఏడిపిస్తున్న సాయంత్రం గంట గంటకూ తాగడం అందులో కనిపించదు, దాని వెంటనే వచ్చిన నాలుగు గంటల పది నిమిషాల ఎడం కూడా కనిపించదు. రెండూ ఒకదాన్నొకటి మింగేశాయి. సగటు పక్కనపెట్టి రోజును ముక్కలుగా చూస్తే మాత్రం విషయం కళ్లకు కడుతుంది. పగలు రెండు రెండున్నర గంటలకు ఒకసారి. సాయంత్రం 5 నుంచి 9 లోపు నాలుగుసార్లు. ఆ తర్వాత రోజులోకల్లా పెద్ద ఎడం. మిగతా పేజీలు కూడా కలిపి చూస్తే ఆరు రోజులు సాయంత్రం ఇదే వరస. ఆదివారం మాత్రం బంధువులు వచ్చి చేతులు మారి మారి పాప సాయంత్రం రెండుసార్లే తాగింది. ఆ ఒక్క రోజును కూడా వదలకుండా రాశాను, ఎందుకంటే ఏడు రోజుల్లో ఆరు రోజులు అనడం వేరు, రోజూ అనడం వేరు.

సాయంత్రం వెంట వెంట తాగడం ఈ వయసు పిల్లల్లో చాలామందికి ఉండేదే. కానీ ఆ మాట కూడా నేను చీటీలో రాయలేదు. "పాలు చాలట్లేదు" అని రాయలేదు, "కడుపు నొప్పి" అని రాయలేదు. కారణం పేరు మనమే రాసిస్తే ఎదుటివాళ్లు ఆ పేరు వెంటే వెళతారు. చీటీలో కనిపించినది మాత్రమే ఉండాలి, ఆ తర్వాత మన ప్రశ్న ఉండాలి.

ఒక్కటి మాత్రం నోటుబుక్కులో అసలు లేదు. పాప ఎంత పాలు తాగిందో అది చెప్పదు. నలభై నిమిషాలు రొమ్ము దగ్గర ఉందంటే అందులో పది నిమిషాలు గుటకలు వేసి ముప్పై నిమిషాలు కునికి ఉండవచ్చు. తల్లి పాల మీద ఉన్న పాపకు పాలు అందుతున్నాయా అన్నది ముఖ్యంగా రెండు చోట్ల తెలుస్తుంది. ఒకటి బరువు, రెండోది తడిపిన గుడ్డలు. మొదటి వారం దగ్గరపడ్డాక రోజుకు కనీసం ఆరుసార్లు తడపాలి. ఆ గడే గీయలేదు మనవాళ్లు. మంగళవారం నుంచి గుడ్డ మార్చినప్పుడల్లా ఒక గీత పెట్టమని అమ్మకు చెప్పాను. 7, 8, 7 గీతలు వచ్చాయి. రాత్రికి డైపర్ వేస్తారు, అది ఎన్నిసార్లు తడిసినా ఒక్క గీతే. అంటే అసలు సంఖ్య ఇంకా ఎక్కువే.

చివరికి చీటీ ఇలా తయారైంది.

"పాపకు 6 వారాలు. తల్లి పాలు మాత్రమే. 7 రోజుల వివరాలు. రోజు అంటే ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6. అరగంట లోపు మళ్లీ పడితే ఒకే సారిగా లెక్క.

పాలు: పూర్తిగా రాసిన 6 రోజుల్లో, రోజుకు 10 నుంచి 12 సార్లు. సాయంత్రం 5 - 9 మధ్య 6 రోజులు 4 లేదా 5 సార్లు, ఆదివారం 2 సార్లు.

రాత్రి పెద్ద ఎడం: స్పష్టంగా ఉన్న 5 రాత్రులు 3 గం. 20 ని. నుంచి 4 గం. 10 ని. శనివారం ఒక సమయం చదవడానికి రాలేదు. గురువారం రాత్రి రాయలేదు, తల్లికి గుర్తున్నంతలో 2 సార్లు తాగింది.

నిద్ర: ఉయ్యాలలో 11న్నర నుంచి 13 గంటలు. ఒడిలో, భుజం మీద నిద్ర రాయలేదు.

తడిపిన గుడ్డలు: 3 రోజులు 7, 8, 7. రాత్రి డైపర్ ఒకటిగా లెక్క.

అడగాల్సినవి: సాయంత్రం ఇలా తాగడం వల్ల పాలు చాలట్లేదని అనుకోవాలా? రాత్రి నాలుగు గంటలు దాటితే లేపాలా?"

నోటుబుక్కు కూడా వెంట తీసుకెళ్లమన్నాను. చీటీలో నేను ఏమైనా తప్పు చేసి ఉంటే అసలు పేజీ చూసుకోవడానికి ఉండాలి. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాను. జ్వరం 100.4 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నా, పాప పాలకు లేవకపోయినా, ఆకుపచ్చగా కక్కినా, ఊపిరి ఆయాసంగా తీసినా శుక్రవారం దాకా ఆగొద్దు, చీటీ సంగతి మర్చిపోయి వెంటనే ఆస్పత్రికి వెళ్లమన్నాను.

శుక్రవారం నేను వెళ్లలేకపోయాను. చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. డాక్టరుగారు ముందు చీటీ చదివారట, ఒక్క నిమిషం కూడా పట్టలేదు. గురువారం గురించి ఉన్న వాక్యం దగ్గర ఆగి, "రాయని రోజు రాయలేదని రాశారు, మంచిది" అన్నారట. తర్వాత తూకం. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేటప్పుడు 2.7కు తగ్గింది, రెండో వారం చివర 2.95. ఇప్పుడు 3.7. ఆ నాలుగు వారాల్లో 750 గ్రాములు, అంటే రోజుకు 27 గ్రాముల దాకా. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే బాగా పెరుగుతున్నట్టే. కార్డులో ఉన్న గీతల పటంలో చుక్క పెట్టి చూపించారట. పాప తాగుతున్నప్పుడు గుటకల చప్పుడు వినిపిస్తోందా, తాగాక కాసేపైనా కుదుటపడుతోందా అని అడిగారట. రెండిటికీ అవునంది చెల్లెలు.

డబ్బా పాలు అక్కర్లేదన్నారు. సాయంత్రం రొమ్ము మెత్తగా అనిపించినంత మాత్రాన ఖాళీ అయిపోయినట్టు కాదని, పాప అడిగినన్ని సార్లు ఇవ్వమని చెప్పారు. బరువు ఇలా పెరుగుతున్నంత కాలం రాత్రి ఎడం నాలుగు గంటలు దాటినా లేపి పట్టాల్సిన పని లేదన్నారు. ఇది ఈ పాపకు, ఈ బరువుకు చెప్పిన మాట. బరువు సరిగా పెరగని పాపకు అదే సాయంత్రం, అదే నాలుగు గంటలు వేరే అర్థం ఇస్తాయి. అప్పుడు డాక్టరు వేరే సలహా ఇచ్చి ఉండేవారు.

నిద్ర లెక్క మానెయ్యమన్నారట. పదో వారం టీకాలకు వచ్చేటప్పుడు, ముందు రెండు రోజులు పాలు, తడిపిన గుడ్డలు రాసుకొస్తే చాలన్నారు. నిన్న చెల్లెలు కొత్త పేజీ ఫొటో ఒకటి పంపింది. నిద్ర గడి కొట్టేసి ఉంది, గుడ్డలకు గడి గీసి ఉంది. ఉదయం ఆరు దగ్గర అమ్మ స్కేలు పెట్టి అడ్డంగా గీత గీసింది. ఆ గీత కిందే కొత్త తేదీ వేసింది. ఉయ్యాలకు ఇప్పుడు రెండు పెన్నులు కట్టి ఉన్నాయి.